ఫొటోలో తెలుగు, ఇంగ్లీష్ కలిసి ఉంటే ట్రాన్స్‌లేషన్ ఎక్కడ తప్పుతుంది?

బాన్సువాడలో ఒక అద్దె ఇంటి గోడ మీద ఇలా రాసి ఉందనుకోండి:

"ఈ నెల Current Bill 10వ తేదీలోపు కట్టాలి. లేకపోతే Line Cut చేస్తారు."

మనకైతే ఒక్క చూపులో అర్థమైపోతుంది. కానీ ఆ గదిలో ఉండేది రైస్ మిల్లులో పని చేయడానికి బిహార్ నుంచి వచ్చిన అన్న. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఫోన్‌తో ఫొటో తీసి హిందీలోకి మార్చుకోవాలి. ఇక్కడ తప్పొస్తే ఇంట్లో కరెంటు పోతుంది.

ఫోన్ ఈ పని రెండు అడుగుల్లో చేస్తుంది. మొదట బొమ్మలోని అక్షరాలు చదువుతుంది. దీన్నే ఓసీఆర్ అంటారు. తర్వాత చదివిన దాన్ని అనువదిస్తుంది. ఈ రెండు చోట్లా తప్పు జరగొచ్చు.

మొదటి అడుగు చూద్దాం. తెలుగు సున్నా, ఇంగ్లీష్ o, అంకె 0 మూడూ చూడ్డానికి గుండ్రమే. అందుకే 10వ అనేది 1ంవ అయిపోవచ్చు. ఇక ఓసీఆర్‌కి తెలుగు ఒక్కటే చెప్తే, Bill అన్న అక్షరాలకు దగ్గరగా కనిపించే తెలుగు ముక్కలేవో పెట్టేస్తుంది. లాప్‌టాప్‌లో టెస్సరాక్ట్ వాడేవాళ్లు రెండు భాషలూ చెప్పాలి:

```
tesseract notice.png out -l tel+eng
```

చదివిన టెక్స్ట్ out.txt లోకి వస్తుంది. ఫోన్‌లో అయితే ట్రాన్స్‌లేట్ యాప్‌లో సోర్స్ భాషను ఆటోమేటిక్‌కి వదలకుండా తెలుగు అని మీరే పెట్టండి. వాక్యం తెలుగుదే కదా, ఇంగ్లీష్ మాటలు మధ్యలో వచ్చినవి. ఫొటోలోని టెక్స్ట్‌ని కాపీ చేసి, తేదీ, అంకెలు గోడ మీద ఉన్నట్టే వచ్చాయా చూడండి.

రెండో అడుగులో అసలు చిక్కు ఉంది. అక్షరాలన్నీ కరెక్ట్‌గా చదివినా అర్థం మారిపోవచ్చు. మన దగ్గర కరెంటు అంటే విద్యుత్తు. ఇంగ్లీష్‌లో Current అంటే 'ప్రస్తుతం' అని కూడా అర్థం. యాప్ ఆ రెండో అర్థం పట్టుకుంటే హిందీలో 'వర్తమాన్ బిల్' అని వస్తుంది. అప్పుడా అన్న ఏం బిల్లు కడతాడు? అద్దె బిల్లా, నీళ్ల బిల్లా? రావాల్సిన మాట 'బిజ్లీ బిల్'.

దీనికి మందు సింపుల్. కాపీ చేసిన టెక్స్ట్‌లో Current Bill తీసేసి 'విద్యుత్ బిల్లు' అని టైప్ చేయండి. Line Cut బదులు 'కరెంటు సరఫరా ఆపేస్తారు' అని పెట్టండి. తర్వాత వచ్చిన హిందీని మళ్లీ తెలుగులోకి తిప్పి చూడండి. 'ప్రస్తుత బిల్లు' అని వస్తే తప్పు ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. అక్షరాలు చేత్తో గొలుసుకట్టుగా రాసి ఉంటే ఓసీఆర్ చాలాసార్లు తడబడుతుంది. అప్పుడు ఫొటో మీద ఆధారపడకుండా, తెలుగు చదవగలిగినవాళ్లు చూసి టైప్ చేయడమే మంచిది.

మీ వీధిలో ఇలాంటి కలగలుపు బోర్డు ఉంటే అందులోని మాటలు కామెంట్‌లో రాయండి.