శరణు కోరి వచ్చినవారు - మదీనా చూపిన దారి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరుణామయుడైన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాము. ఊరు విడిచి, ఇల్లు విడిచి మన మధ్యకు వచ్చి పడ్డ పరాయివారి పట్ల మన బాధ్యత ఏమిటన్నది ఈనాటి విషయం. 2012 తర్వాత బర్మాలోని అరకాన్ ప్రాంతం నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు మన హైదరాబాదులో బాలాపూర్ చుట్టుపక్కల గుడిసెలు వేసుకుని తలదాచుకున్నాయి. వారి సంగతి వచ్చినప్పుడల్లా మనలో రెండు మాటలు వినబడతాయి. "పాపం, ఏదైనా చేయాలండీ" అనేది ఒకటి. "మన బీదలకే దిక్కులేదు, వీళ్ళను ఎన్నాళ్ళని చూస్తాం?" అనేది రెండోది. ఈ రెండో మాటను కసిరి కొట్టెయ్యడం సులువే. కాని అది నిజమైన ప్రశ్న. మదీనా వాసులు కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. వారు దానికి ఏ విధంగా సమాధానం చెప్పుకున్నారో చూద్దాం.

ముందు ఆజ్ఞ ఏమిటో తెలుసుకుందాం. దివ్య ఖుర్ఆన్ నాలుగో సూరా 36వ ఆయత్‌లో, ఎవరెవరితో మంచిగా మెలగాలో అల్లాహ్ వరుసగా చెప్పాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పేదలు అయిన తర్వాత బంధువైన పొరుగువాడిని, ఆ వెంటనే పరాయివాడైన పొరుగువాడిని పేర్కొన్నాడు. అదే వరుసలో 'ఇబ్నుస్సబీల్' కూడా ఉన్నాడు. ఈ మాటకు అక్షరాలా అర్థం 'దారి కొడుకు' అని. అయినవాళ్ళు దూరమై, దారే దిక్కైన మనిషి అన్నమాట. తొమ్మిదో సూరా 60వ ఆయత్‌లో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో ఇతనూ ఒకడు. సొంత ఊళ్ళో ఎంత ఆస్తి ఉన్నా సరే, ఇక్కడ చేతిలో చిల్లిగవ్వ లేకపోతే అతనికి హక్కు ఉందని ఫుఖహాలు చెప్పారు. అదే సూరా 6వ ఆయత్ ఇంకా ముందుకు పోయింది. యుద్ధకాలంలో సైతం బహుదైవారాధకుడొకడు వచ్చి శరణు అడిగితే ఇవ్వాలి, దైవవాక్యం వినే అవకాశం కల్పించాలి, ఆ పిమ్మట అతనికి భద్రమైన చోటికి చేర్చాలి. అతను విశ్వసించాలనే షరతు అక్కడ లేదు.

ఇక మదీనాకు వద్దాం. క్రీ.శ. 622లో మక్కా నుంచి వలస వచ్చిన ముహాజిర్లు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలేసి కట్టుబట్టలతో చేరారు. మక్కా ఏ పంటా పండని లోయ. అక్కడివారికి వర్తకం తెలుసు గాని వ్యవసాయం తెలియదు. మదీనా ఖర్జూరపు తోటల ఊరు. అంటే వచ్చినవారికి వచ్చిన పని ఇక్కడ అంతగా లేదు, ఇక్కడున్న పని వారికి రాదు. శరణార్థి కష్టంలో సగం ఇక్కడే ఉంది.

మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అందరినీ ఒక్కచోట కుప్పగా ఉంచి, ఊరంతటినీ "పెట్టండి" అనలేదు. ఒక ముహాజిర్‌కు ఒక అన్సారీని సోదరుడిగా జతచేశారు. దీన్నే 'ముఆఖాత్' అంటారు. ఎవరు ఎవరింట దిగాలన్నదానికి చీట్లు వేసుకున్నారని, తమ ఇంటి వంతుకు ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ వచ్చారని ఉమ్ముల్ అలా అనే అన్సారీ స్త్రీ చెప్పిన హదీసు బుఖారీలో ఉంది. ఆయన జబ్బుపడితే ఆ ఇంటివారే సేవ చేశారు, వారింటనే ఆయన కన్నుమూశారు. చీటీలో ఉన్న కిటుకు చూడండి. చలాకీగా ఉన్నవాణ్ణి, పనికొచ్చేవాణ్ణి ఏరుకునే వీలు ఎవరికీ లేదు. రోగి వచ్చినా మనవాడే.

అన్సార్లు అక్కడితో ఆగలేదు. "మా ఖర్జూరపు చెట్లను మాకూ మా సోదరులకూ సగం సగం పంచెయ్యండి" అని ప్రవక్తను అడిగారు. ఆయన వద్దన్నారు. ఎందుకు వద్దన్నారు? భూమి చేయి మారితే ఈనాటి ఉత్సాహం రేపు పశ్చాత్తాపం కావచ్చు. పుచ్చుకున్నవాడు జన్మంతా తల వంచుకోవలసి రావచ్చు. ఇది మేము అర్థం చేసుకున్న మాట. అప్పుడు మరో ఏర్పాటు జరిగింది. చెట్లు అన్సార్లవే. తోటపనిలో ముహాజిర్లు చెయ్యి వేస్తారు, పండ్లలో వాటా తీసుకుంటారు. అందరూ ఒప్పుకున్నారు. ఈ ఒక్క ఏర్పాటుతో ముహాజిర్లు ముష్టివాళ్ళు కాకుండా పనివాళ్ళయ్యారు.

సాద్ బిన్ రబీ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్‌ల సంగతి మనలో చాలామందికి తెలిసిందే. అన్సార్లలో భాగ్యవంతుడైన సాద్ తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. అబ్దుర్రహ్మాన్ ఆయనకు దుఆ చేసి, "మీ బజారు ఎక్కడో చూపించండి చాలు" అన్నారు. ఖైనుఖా వారి బజారుకు వెళ్ళి, మొదటి బేరంలోనే కొంత ఎండు పెరుగు, నెయ్యి లాభంగా తెచ్చుకున్నారు. కొద్దికాలానికే ఖర్జూరపు గింజెత్తు బంగారం మహర్ ఇచ్చి అన్సారీ స్త్రీని నికాహ్ చేసుకున్నారు. ఈ కథను చెప్పి సాద్ దాతృత్వాన్ని మెచ్చుకుంటాం, అబ్దుర్రహ్మాన్ ఆత్మాభిమానాన్ని మెచ్చుకుంటాం. బజారు సంగతి మరచిపోతాం. బజారుకు దారి తెరిచి ఉంది కనుకనే ఆయన అభిమానం నిలబడింది. పనికి పోనివ్వకుండా, అంగడి పెట్టుకోనివ్వకుండా, "వీళ్ళు కూర్చుని తింటున్నారు" అనడం న్యాయం కాదు.

మరి "ఎన్నాళ్ళు?" అన్న ప్రశ్న. దానికి షరీఅత్‌లో లెక్క ఉంది. అతిథికి ఒక పగలూ రాత్రీ ప్రత్యేక మర్యాద చేయాలి, ఆతిథ్యం మూడు రోజులు, ఆ పైన చేసేది సదకా అని హదీసు. ఇంటివారికి ఇబ్బంది కలిగేదాకా ఉండడం అతిథికి తగదని కూడా అందులోనే ఉంది. అంటే ఆతిథ్యం వేరు, పునరావాసం వేరు. మూడు రోజుల అన్నాన్ని మూడేళ్ళు సాగదీస్తే పెట్టేవాడికి విసుగు, తినేవాడికి అవమానం. కాబట్టి నాలుగో రోజునుంచి పని గురించి ఆలోచించాలి.

మదీనాలో చిక్కులు రాలేదా? వచ్చాయి. బనూ ముస్తలిఖ్ దండయాత్రలో నీళ్ళ దగ్గర ఒక ముహాజిర్, ఒక అన్సారీ కొట్టుకున్నారు. ఒకడు "ముహాజిర్లారా!" అని, ఇంకొకడు "అన్సార్లారా!" అని కేకలు పెట్టారు. ఇది అజ్ఞానకాలపు పిలుపు, కంపుకొట్టే మాట, వదిలెయ్యండి అని ప్రవక్త మందలించారు. కాని కపటుల నాయకుడు అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ అదే అదనుగా తీసుకున్నాడు. వీళ్ళకు పెట్టడం మానేస్తే వాళ్ళే చెదిరిపోతారన్నాడు. ఊరికి తిరిగి వెళ్ళాక గౌరవనీయులు హీనుల్ని వెళ్ళగొడతారన్నాడు. ఖుర్ఆన్ 63వ సూరా 7, 8 ఆయత్‌లు ఈ మాటల్నే ఎత్తి చూపాయి. గమనించండి, తగవు నీళ్ళ దగ్గర ఇద్దరు మనుషుల మధ్య మొదలైంది. దాన్ని రెండు జాతుల తగవుగా మార్చినవాడు నీళ్ళకు వచ్చినవాడు కాదు. ఈనాడు కూడా కుళాయి దగ్గర, బస్తీలో గొడవ వస్తే ఆ ఇద్దరి పేర్లు చెప్పి తీర్చాలి గాని, "ఆ వచ్చినవాళ్ళంతా ఇంతే" అనకూడదు. ఆ మాట ఎవరి నోట పుట్టిందో ఖుర్ఆన్ చెప్పనే చెప్పింది.

ఈ ఏర్పాటు ఎక్కడ ముగిసింది? మొదట్లో ఈ సోదరులు ఒకరికొకరు వారసులు కూడా అయ్యేవారు. తర్వాత వారసత్వం రక్తబంధువులకే అని 33వ సూరా 6వ ఆయత్ నిర్ణయించింది. ప్రేమ మిగిలింది, ఆస్తి హక్కు ఎవరిది వారికి పోయింది. 625లో బనూ నజీర్ భూములు దాదాపు అన్నీ బీద ముహాజిర్లకే పంచారు. అన్సార్లు దానికి అభ్యంతరపడలేదు. తమకు అవసరం ఉన్నా ఇతరులకే ముందు చోటిచ్చేవారని 59వ సూరా 9వ ఆయత్‌లో వారిని అల్లాహ్ మెచ్చుకున్న సందర్భం ఇదే. 628లో ఖైబర్ తర్వాత ముహాజిర్లకు జరుగుబాటు ఏర్పడగానే, అనుభవించమని అన్సార్లు ఇచ్చిన చెట్లను తిరిగి ఇచ్చేశారు.

తిరిగి ఇవ్వడం కూడా అందరికీ సులువు కాలేదు. అనస్ తల్లి ఇచ్చిన చెట్లను ప్రవక్త, తమను పెంచిన ఉమ్మె ఐమన్‌కు ఇచ్చి ఉన్నారు. అనస్ వాటిని అడగబోతే ఆ వృద్ధురాలు అతని మెడలో గుడ్డ వేసి పట్టుకుని, ఇవ్వనంటే ఇవ్వనన్నది. ప్రవక్త ఆమెను కసరలేదు. వాటికి బదులు సుమారు పదిరెట్లు ఇస్తానని చెప్పి ఒప్పించారు. అన్నీ పోగొట్టుకున్న మనిషి చేతికొచ్చిన చెట్టును ఎందుకు వదలదో ఆయనకు తెలుసు.

సోదరులారా, శరణు ఇచ్చినవారు ముస్లింలు మాత్రమే కాదు. అంతకు ముందు 615లో మక్కా ముస్లింలకు చోటిచ్చినది హబషా దేశపు క్రైస్తవ రాజు నజాషీ. ఖురైషీలు తోళ్ళ కానుకలు పట్టుకుని వెళ్ళి "మా మనుషుల్ని మాకు అప్పగించు" అంటే, ఆయన జాఫర్ బిన్ అబీ తాలిబ్ మాట వినకుండా తీర్పు చెప్పలేదు. విన్న తర్వాత కానుకలు వెనక్కి ఇచ్చివేశాడు. మన తెలుగువారి సంగతీ గుర్తుచేసుకోవాలి. 1942లో జపాను దాడికి, మళ్ళీ 1960ల్లో అక్కడి ప్రభుత్వ విధానాలకు బర్మా విడిచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు ఇంకా ఉంది. అదే బర్మానుంచి ఇప్పుడు ఇంకొకరు వచ్చారు.

మన సంఘం చేయగలిగింది చెప్పి ముగిస్తాము. కొత్త కుటుంబం వస్తే మూడు రోజుల భోజనం, బస బైతుల్ మాల్ భారం. ఆ తర్వాత చీటీ వేసి ఒక్కొక్క కుటుంబాన్ని మన ఒక్కొక్క కుటుంబానికి జతచేద్దాం. ఆ ఇంటివారు డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఆసుపత్రికి తోడు వెళ్ళాలి, పిల్లల్ని బడిలో చేర్చాలి, పని చూపించాలి. కుట్టు మిషనో, తోపుడు బండో కావాలంటే ఖర్జె హసనా ఇద్దాం, కుదురుకున్నాక తిరిగి తీసుకుందాం. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ము ముస్లింలకే చెందుతుంది కనుక, వచ్చినవారు ఏ మతంవారైనా ఇవ్వడానికి సదకా పద్దు వేరుగా ఉంచుదాం. ఇలా చేస్తే మన బీదల వాటా తగ్గదు. ఎందుకంటే ఇందులో ఎక్కువ ఖర్చయ్యేది మన సమయమే.

మన మధ్య చేరిన దారి కొడుకులకు అల్లాహ్ దారి చూపుగాక! వారికి తలుపు తీసే మనసు మనకు ప్రసాదించుగాక! ఆమీన్.