ట్యాప్ మీద తెల్ల పొర పోవాలి, మెరుపు పోకూడదు

ఈ ఎపిసోడ్‌ని సికింద్రాబాద్ యాప్రాల్‌లో, ఒక అద్దె ఫ్లాట్ బాత్రూమ్‌లో నిలబడి చేస్తున్నా. ఫ్లాట్ మా ఫ్రెండ్‌ది, నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాడు. హ్యాండ్ షవర్‌లో సగం రంధ్రాల్లోంచి నీళ్లు రావట్లేదు, ట్యాపుల మొదట్లో తెల్లగా గట్టి పొర పేరుకుంది. ఓనర్ గారు చూస్తే కొత్త ఫిట్టింగుల డబ్బు అడ్వాన్స్‌లో కోసేస్తారని వాడి భయం.

ఈ అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్‌కి వచ్చేది బోరు నీళ్లు. వాన నీళ్లు మట్టిలోంచి, రాతి పగుళ్లలోంచి దిగేటప్పుడు కాల్షియంని కరిగించుకుంటాయి. ట్యాప్ మీద చుక్క ఆరిపోతే నీళ్లు పోతాయి, కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. గీజర్‌లో వేడి చేస్తే ఇది ఇంకా త్వరగా గట్టిపడుతుంది. అందుకే వేడి నీళ్లు వచ్చే షవర్ ముందు మూసుకుపోయింది.

కార్బొనేట్ ఆమ్లానికి కరుగుతుంది. మరి చింతపండు, ఉప్పు వేసి రుద్దేస్తే పోదా, మా అమ్మమ్మ ఇత్తడి బిందె అలాగే తోమేది కదా అంటారు. బిందె మొత్తం ఇత్తడే, పైన కొంచెం అరిగినా కింద మళ్లీ ఇత్తడే కనిపిస్తుంది. ట్యాప్ అలా కాదు. లోపల ఇత్తడి, దాని మీద నికెల్ పూత, ఆ పైన క్రోమ్ పూత. మనం చూసే మెరుపంతా ఆ క్రోమ్‌దే, దాని మందం సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఉప్పు, స్టీల్ పీచుతో గట్టిగా రుద్దితే అది దెబ్బతినొచ్చు.

ఇక టాయిలెట్ యాసిడ్. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తెల్ల పొరతో పాటు క్రోమ్‌నీ కరిగిస్తుంది. ఈ ఫ్లాట్‌లో వాష్ బేసిన్ ట్యాప్ చూడండి, మసక బూడిద రంగులో ఉంది కదా? దీన్ని ఎవరో ఆ యాసిడ్‌తో కడిగారు. వేలితో రాస్తే గరుకు లేదు, అంటే మీద పొర ఏమీ లేదు. పోయింది పూతే. ఇది ఎంత తుడిచినా తిరిగి రాదు.

మనం వాడేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. కిరాణా షాపులో పంచదారలా ఉంటుంది. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక పెద్ద చెంచా, సుమారు 15 గ్రాములు వేసి కలిపాను. మరిగే నీళ్లు వద్దు, చాలా షవర్లు లోపల ప్లాస్టిక్కే. షవర్‌ని పైపు నుంచి విప్పి, వాషర్ తీసి, ముఖం మాత్రమే మునిగేలా మగ్గులో పెట్టాను. చూశారా, సన్నగా బుడగలు వస్తున్నాయి. అది కార్బన్ డయాక్సైడ్. ఆమ్లం పొరని తింటోందన్నమాట.

పది నిమిషాలకోసారి తీసి చూడండి. బుడగలు ఆగితే రెండే కారణాలు: పొర అయిపోయింది, లేదా ఆమ్లం అయిపోయింది. ఏదో తేలాలంటే షవర్ కడిగి, మిగిలిన మచ్చ మీద కొత్త ద్రావణం ఒక చుక్క వేయండి. బుడగ వస్తే ద్రావణం మార్చి ఇంకో పది నిమిషాలు. రాకపోతే అక్కడితో ఆపండి, ఆ మచ్చ సబ్బు జిడ్డైనా అయ్యుండాలి, పూత పోయిందైనా అయ్యుండాలి. రాత్రంతా నానబెట్టమనే రీల్స్‌ని నమ్మకండి. పూతలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి, ఎక్కువసేపు నానితే ఆమ్లం వాటిలోంచి కిందికి దిగుతుంది.

ఇక్కడ రెండు విడతలు పట్టింది. రబ్బరు మొనలని బొటనవేలితో రుద్దితే గట్టి ముక్కలు ఊడొచ్చాయి. మూడు రంధ్రాలు ఇంకా మూసుకునే ఉన్నాయి, వాటికి టూత్‌పిక్ వాడాను. సూది వద్దు, రంధ్రం చిరుగుతుంది.

ట్యాప్‌ని విప్పలేం కాబట్టి టిష్యూని ఇదే ద్రావణంలో తడిపి చుట్టి, పైన ప్లాస్టిక్ కవర్ కట్టాను. 15 నిమిషాలు చాలు. నిమ్మ ఉప్పు దొరక్కపోతే వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి వాడొచ్చు, వాసన భరించాలి అంతే. కానీ అందులో వంట సోడా కలపకండి, నురగ బాగానే వస్తుంది గానీ ఆమ్లం సోడాతోనే ఖర్చయిపోతుంది. బ్లీచింగ్ ఉన్న క్లీనర్ మాత్రం ఏ ఆమ్లంతోనూ కలపొద్దు, విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

నలుపు, బంగారు రంగు ట్యాపులైతే ద్రావణాన్ని ఇంకా పలచగా చేసి, ముందు వెనక వైపు ఒక చోట రెండు నిమిషాలు పెట్టి చూడండి. రంగు మారితే సబ్బు నీళ్లతోనే సరిపెట్టుకోండి.

చివర్లో మంచి నీళ్లతో బాగా కడిగి, పొడి గుడ్డతో తుడిచేయాలి. ఈ షవర్ ఇప్పుడు అన్ని రంధ్రాల్లోంచీ వస్తోంది. బేసిన్ ట్యాప్ ఒక్కటే మార్చాలి, దాని ఖర్చు మాత్రం మా వాడికి తప్పదు.