కూలర్ బయటికి తీసే ముందు మనం చూసుకోవాల్సినవి
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. నేను మన ఇంట్లో కరెంటు గురించి చెప్తాను. బోర్డు విప్పే పని, వైరు కలిపే పని ఒక్కటి కూడా చెప్పను. అది ఎలక్ట్రీషియన్ పని. కళ్లతో చూసి మనం పట్టుకోగలిగినవి మాత్రమే చెప్తాను.

పోయిన ఏడు శివరాత్రి వెళ్లినాక సజ్జ మీది రేకు కూలర్ దించి పెట్టినం. మా అత్తమ్మ ఇల్లు తుడిచి, తడి కాళ్లతోనే కూలర్‌లో నీళ్లు పోయబోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. చెయ్యి రేకుకు తగలగానే జుమ్మని కొట్టి వెనక్కి పడింది. చేతి వెనక భాగం తగిలింది కాబట్టి చెయ్యి ఊడి వచ్చింది. అదే రేకును గుప్పిట పట్టుకుని ఉంటే, షాక్‌కు వేళ్లు బిగుసుకుపోయి వదలడానికి రాదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే రెండు తప్పులు బయటపడ్డయి. నీళ్లలో ఉండే చిన్న మోటారు వైరు మీది తొడుగు పగిలి, కరెంటు నీళ్లలోకి, అక్కడి నుంచి రేకులోకి వచ్చింది. ఇది మొదటిది. ఆ కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. కానీ పోయే దారి లేదు. ఇది రెండోది. దారి లేక అది మా అత్తమ్మ ఒంట్లోంచి, తడి నేల మీదుగా పోయింది.

దారి ఎందుకు లేదో వినండి. కూలర్ ప్లగ్గుకు మూడు పిన్నులున్నయి. పైనున్న లావు పిన్ను ఎర్త్‌ది. మేము దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టినం. బాక్సు మీద కూడా మూడు రంధ్రాలే ఉన్నయి. కానీ ఆ బాక్సు వైరు చివరన గోడకు పెట్టే ప్లగ్గుకు రెండే పిన్నులు. ఎర్త్ అక్కడే ఆగిపోయింది. ఏడాదంతా కళ్ల ముందున్నా మేము చూడలేదు.

అందుకే మొదటిది, ప్లగ్గు చూడండి. స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీసి చూడాలి. కూలర్, ఫ్రిజ్, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మిషన్ లాంటి ఇనుప ఒళ్లు ఉన్నవాటికి మూడు పిన్నులు ఉండాలి. మధ్యలో ఎక్స్‌టెన్షన్ ఉంటే దాని చివరి ప్లగ్గుకూ మూడు ఉండాలి. లావు పిన్ను విరిగినా, కోసేసి ఉన్నా అది వాడొద్దు. వైరు పొడవునా పగుళ్లు, ఎలుక కొరికిన చోట్లు, టేపు చుట్టిన అతుకులు చూడండి. కూలర్ అరగంట నడిచినాక ఆపి, ప్లగ్గు తీసి, దాని ప్లాస్టిక్ ముట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉన్నా, సాకెట్ రంధ్రాల దగ్గర గోధుమరంగు మచ్చ ఉన్నా సాకెట్ వదులైంది. దాన్ని మార్పించాలి.

రెండోది, ఎర్త్ గుంత. ఇంటి పక్కన పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన చోటు అది. ఎండకు మట్టి ఎండితే కరెంటు భూమిలోకి సరిగ్గా దిగదు. ఫిబ్రవరి చివరి నుంచి వానలు పడేదాకా వారానికి ఒక బకెట్ నీళ్లు పోయండి. పైపుకు బిగించిన తీగ తెగిందా, తుప్పు పట్టిందా చూడండి. చేత్తో గుంజి చూడొద్దు, ఎక్కడైనా లీకు ఉంటే ఆ తీగలోనే కరెంటు ఉంటది. ఒక మాట గుర్తుపెట్టుకోండి. తీగ బాగా కనబడినంత మాత్రాన ఎర్త్ పనిచేస్తుందని కాదు. అది మీటరుతో కొలిచి చెప్పాల్సింది ఎలక్ట్రీషియనే.

మూడోది, టెస్ట్ బటన్. "మా ఇంట్లో ఎంసీబీ ఉంది, ఏం గాదు" అని చాలామంది అంటరు. 16 ఆంపియర్ల ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. ఒక ఆంపియర్‌లో పదో వంతు ఒంట్లోంచి పోయినా ప్రాణం పోవచ్చు. అంత చిన్న కరెంటును ఎంసీబీ పట్టించుకోదు. మనిషి కోసం ఉండేది ఆర్‌సీసీబీ. ఇది పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నయా అని చూస్తుంటది. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే ఒక ఆంపియర్‌లో వెయ్యికి ముప్పై వంతులు తేడా వస్తే వెంటనే పడిపోతుంది.

దాన్ని గుర్తుపట్టడం తేలిక. మీటరు తర్వాత ఉండే డబ్బాలో, ఎంసీబీ కంటే వెడల్పుగా ఉండి, దాని మీద చిన్న బటన్ ఉంటది. పక్కన ఇంగ్లీషులో టీ అనో, టెస్ట్ అనో రాసి ఉంటది. డబ్బా ముందున్న చిన్న తలుపు తీస్తే చాలు, స్క్రూలు విప్పొద్దు. టీవీ, ఫ్రిజ్ ఆపి, కరెంటు ఉన్నప్పుడు ఆ బటన్ నొక్కండి. టక్కుమని మీట పడిపోవాలి. పడితే మళ్లీ పైకి ఎత్తండి. పడకపోతే అది చెడిపోయినట్టే, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అయితే ఈ బటన్ ఆ పరికరం బాగుందా లేదా అన్నదే చెప్తుంది. ఎర్త్ సంగతి చెప్పదు. అందుకే రెండూ చూడాలి.

నాలుగోది, ఇంటి బయట. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును ఒక ఇనుప తీగ మోస్తుంటది. వైరు తొడుగు ఎండకు పగిలి దానికి రాసుకుంటే ఆ తీగలోకి కరెంటు వస్తుంది. బట్టలారేసే ఇనుప తీగ కూడా అదే కొక్కేనికి కట్టి ఉంటే, తడి బట్ట వేసేటప్పుడు మన పని అయిపోతుంది. ఆ తీగ మీద బట్టలు వేయడం ఈరోజే ఆపండి. ఎలక్ట్రీషియన్‌తో తీయించి, దూరంగా ప్లాస్టిక్ తాడు కట్టుకోండి. సర్వీసు వైరు పగిలినా, రేకుల కప్పుకు రాసుకున్నా ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.

కొందరు టెస్టర్ పెట్టి, వెలగలేదని కూలర్ ముట్టుకుంటరు. దాని మీద భరోసా వద్దు. నీళ్లు పోసే ముందు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు తీయాలి. కొన్ని ఇళ్లలో స్విచ్ తప్పు వైరు మీద ఉంటది. ఆపినా లోపల కరెంటు ఉంటది.

మా సంఘంలో 11 మందిమి. ఈ ఫిబ్రవరిలో ఒకరి ఇల్లు ఒకరం చూసుకున్నం. మూడు ఇళ్లలో రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్, రెండు ఇళ్లలో తెగిన ఎర్త్ తీగ దొరికినయి. ఏడు ఇళ్లలో ఆర్‌సీసీబీ లేనే లేదు. మా ఇంట్లో అది పెట్టించడానికి కూలీతో కలిపి 2,800 రూపాయలైంది. సంఘంలో అంతర్గత అప్పు తీసుకుని నాలుగు నెలల్లో కట్టిన. ఇంకో ముగ్గురు కూడా అట్లనే తీసుకున్నరు.

మీ సంఘాల్లో ఫిబ్రవరి సమావేశం రోజు పొదుపు వసూలైనాక ఈ నాలుగూ చదివి, ఎవరింట్లో ఏది మిగిలిందో మినిట్స్ పుస్తకంలో రాసుకోండి. మార్చి సమావేశంలో ఆ పేజీ తీసి అడగండి. మా అత్తమ్మ ఇప్పుడు ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాకనే నీళ్ల బిందె ఎత్తుతుంది.