పాత పుస్తకం వయసు కనుక్కోవడం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

పాత పుస్తకాలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని మనవాళ్లు అడుగుతుంటారు. మన ఊళ్లకు దగ్గరి పుస్తకంతోనే మొదలుపెట్టమంటాను. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు చిన్న వయసులోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే ఆ పుస్తకమే ఆయనకు పాఠ్యగ్రంథంగా వచ్చింది! పాఠ్యగ్రంథమైన పుస్తకాన్ని మళ్లీ మళ్లీ అచ్చు వేస్తారు. అందుకే పాతగా కనిపించే ప్రతి కాపీనీ తొలి ముద్రణ అనుకోకూడదు.

ధర్మవరంలో ఒకాయన మీకు ఒక ప్రతి చూపించి, ‘ఫస్ట్ ఎడిషన్ సార్, వెయ్యి రూపాయలు’ అన్నాడనుకోండి. ముందు ముఖపత్రం వెనక పేజీ చూడండి. అక్కడ ముద్రణ సంఖ్య, సంవత్సరం, ప్రతుల సంఖ్య ఉండాలి. ఆ పేజీ చిరిగిపోయి ఉంటే వెల చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయిందనుకోవచ్చు. నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతది. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టుకు ముందుది కాదు. రచయిత పేరు ముందు ‘పద్మశ్రీ’ ఉన్నా అంతే, ఆయనకు ఆ బిరుదు వచ్చింది 1972లో. అయితే ఒక పరిమితి ఉంది. అణాల వెల పుస్తకం పాతదని చెబుతుందే గానీ, తొలి ముద్రణ అని చెప్పదు. ‘రెండవ కూర్పుకు మనవి’ లాంటి మాట పీఠికలో దొరుకుతుందేమో వెతకాలి. ఏ ఆధారమూ దొరకకపోతే తొలి ముద్రణ ధర ఇవ్వకండి.

తర్వాత పుస్తకం స్థితి. పేజీల నంబర్లు వరుసగా ఉన్నాయో లేదో అక్కడే కూర్చుని లెక్కపెట్టండి. అమ్మేవాళ్లు విసుక్కున్నా సరే. పురుగు తొలిచిన రంధ్రాలు అంచులోనే ఉంటే పరవాలేదు, అక్షరాలను తినేసి ఉంటే విలువ పోయినట్టే. కాగితం గోధుమరంగుకు తిరిగి, పేజీ తిప్పుతుంటే మూల విరిగి చేతికొస్తే దాన్ని ఏ బైండరూ బాగు చేయలేడు. సెల్లోటేపు అంటించిన పుస్తకాన్ని నేను కొనను. దాని జిగురు మరక ఎప్పటికీ పోదు. కొత్త బైండింగు చూసి మురిసిపోవద్దు, అంచులు కత్తిరించేటప్పుడు పాత అట్ట, ముఖపత్రం పారేసి ఉండవచ్చు.

ఇక ధర. అడిగిన ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు. మన హిందూపురం నుంచి రైలెక్కితే బెంగళూరు అవెన్యూ రోడ్డు ఎంతో దూరం కాదు. హైదరాబాదు వెళితే ఆదివారం అబిడ్స్ ఉంది. అదే కాలం నాటి పద్యకావ్యాలు అక్కడ నాలుగు చోట్ల ఎంతకు ఇస్తున్నారో రాసుకోండి. నా లెక్క ఇది: ముఖపత్రం లేకపోతే సగం తీసేస్తాను. బైండింగుకు అయ్యే ఖర్చు కూడా తగ్గిస్తాను. మంచి ప్రతికి వెయ్యి న్యాయమనుకుంటే, ముఖపత్రం పోయి కుట్టు ఊడిన ప్రతికి ఐదు వందలు. అందులో బైండింగుకు రెండు వందలు పోతే మూడు వందలు. అంతకు ఇవ్వనంటే నమస్కారం పెట్టి వచ్చేయడమే. ఇంటికెళ్లి ఆ ప్రతి వివరాలు మాత్రం నోటుబుక్కులో రాసుకోండి. రేపు పెనుకొండలో ఇంకో ప్రతి కనిపించినప్పుడు పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి.