శిఖం, శిక్మీదారు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో శిఖం భూమి అంటే ఏమిటని ఎవరూ అడగరు. చెరువు నిండితే మునిగేది, నీళ్లు తగ్గితే దున్నుకునేది. పారసీలో ఆ మాటకు పొట్ట అని అర్థం. పాత ఉర్దూ కాగితాన్ని తెలుగు చేసేటప్పుడు ఆ మాటను అలాగే ఉంచాలి. ‘తటాక గర్భం’ అంటే రైతుకు అంతుపట్టదు.

అదే కాగితంలో ‘శిక్మీదారు’ కనపడితే మాత్రం తొందరపడకండి. శిఖం దున్నేవాడని రాశారో, అతని వాటా గల్లంతే! 1317 ఫసలీ, అంటే 1907 ప్రాంతపు హైదరాబాద్ భూమిశిస్తు చట్టంలో అతను పట్టాదారులాగే భూమిపై హక్కున్నవాడు. ముందు ‘అసామీ’ చేరి ‘అసామీ శిక్మీ’ అయిందా, అతను కౌలుదారు. అందుకే నేనైతే మొదటివాణ్ణి ‘పొత్తు హక్కుదారు’ అని రాసి, పక్కనే పాత మాటనూ ఉంచుతాను.