మాత్రకు ముందు పళ్లెం లెక్క



మోకాళ్లు నొప్పి అనగానే మందుల షాపుకెళ్లి కాల్షియం మాత్రలు తెచ్చుకుంటున్నాం. ముందు మన పళ్లెంలో ఎంత ఉందో లెక్కేద్దాం.

పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన ఆడవాళ్లకు 1200 కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. వంద గ్రాముల రాగిపిండితో సంకటి చేసుకుంటే 350 వస్తుంది. పావు లీటరు పాలో పెరుగో తీసుకుంటే 300, గుప్పెడు తోటకూర పప్పులో వేస్తే 150. మొత్తం 800. బియ్యంలో చెప్పుకోదగ్గంత లేదు. పాలన్నీ కేంద్రంలో పోసి, అన్నం, చారుతో సరిపెట్టుకునే ఇంట్లో 200 కూడా దాటదు. లోటు అక్కడుంది.

ఇక మాత్ర. అట్ట మీద కాల్షియం కార్బొనేట్ 1250 అని ఉంటే, అందులో అసలు కాల్షియం 500. తిండిలో 800 వచ్చే ఆమె ఒకటి వేసుకుంటే 1300, అదే ఎక్కువ. రెండు వేసుకుంటే 1800. యాభై దాటినవారికి అన్నీ కలిపి 2000 గరిష్ఠ హద్దు. మిగులు ఎముకకు చేరదు. మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. అమెరికాలో 36 వేల మంది ఆడవాళ్లపై ఏడేళ్లు చేసిన పరిశోధనలో, కాల్షియం, డి విటమిన్ మాత్రలు వేసుకున్నవారిలో రాళ్లు 17 శాతం ఎక్కువ కనిపించాయి.

రక్తహీనతకు ఐరన్ మాత్ర వాడేవారు రెండూ కలిపి మింగొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. రాళ్లు వచ్చినవారు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టొద్దు.

రేపు పొద్దున క్యాను నింపే ముందు ఇంటికి పాలు తీసి పెట్టండి.