ముఖానికి మైక్ అడ్డం వచ్చిన ఫోటోని ఎలా సరిచేయాలి?

ఈ రోజు ఒక ఫోటో గురించి మాట్లాడుకుందాం. మా కాలేజీలో తెలుగు చెప్పిన మేడం రిటైర్ అయ్యారు. ఆ సభలో ఆవిడ మాట్లాడుతుంటే నేనే ఫోటోలు తీశాను. ఫ్లెక్సీకి ఒక ఫోటో కావాలన్నారు. చూస్తే, కళ్లు చక్కగా పడ్డ ఒక్క ఫోటోలో మైక్ మూతికి అడ్డం! పెదాల నుంచి గడ్డం దాకా ఏమీ కనపడట్లేదు.

నేనేం చేశానంటే, ఆబ్జెక్ట్ ఎరేజర్‌తో మైక్ మీద గీత గీశాను. మైక్ పోయింది, నోరు వచ్చింది. బాగానే ఉందనుకుని వాళ్లమ్మాయికి పంపాను. ఆ అమ్మాయి ఒకటే మాట అంది: "అన్నా, ఇది మా అమ్మ నోరు కాదు." నిజమే. మేడంకి కింది పెదవి పక్కన పుట్టుమచ్చ ఉంటుంది. అది లేదు. పళ్ల వరస కూడా వేరే.

ఎందుకిలా అయిందంటే, మైక్ వెనకాల ఏముందో ఆ ఫోటోలో లేనే లేదు. లేనిదాన్ని ఎరేజర్ ఊహించి గీస్తుంది. ఐడీ కార్డు తాడు చీర మీద పడితే అది బాగానే తీసేస్తుంది, ఎందుకంటే చుట్టూ ఉన్నది అదే రంగు, అదే బట్ట. కానీ నోటి చుట్టుపక్కల ఇంకో నోరు ఉండదు కదా!

మరి అసలు నోరు ఎక్కడ దొరుకుతుంది? మీరు తీసిన పక్క ఫోటోలోనే. నాకు కొన్ని సెకన్ల తర్వాత తీసింది దొరికింది. అందులో మైక్ ఛాతీ దగ్గరికి దిగింది, కానీ కళ్లు మూసుకుపోయాయి. అంటే మొదటి ఫోటోలో కళ్లు బాగున్నాయి, రెండోదాంట్లో నోరు బాగుంది. ఈ రెండూ కలపాలి.

దీనికి స్నాప్‌సీడ్ చాలు. వెర్షన్ని బట్టి బటన్ల చోటు కాస్త మారొచ్చు. ముందు కళ్లు బాగున్న ఫోటో ఓపెన్ చేయండి. Tools లో Double Exposure కి వెళ్లి రెండో ఫోటోని తెచ్చుకోండి. రెండూ సగం సగం కనపడతాయి. ఇప్పుడు రెండు వేళ్లతో జరుపుతూ, పెద్దది చిన్నది చేస్తూ బొట్టు మీద బొట్టు, ముక్కు మీద ముక్కు పడేలా కుదర్చండి. కుదిరాక Opacity ని చివరిదాకా పెంచండి. రెండో ఫోటో మాత్రమే కనపడుతుంది. కంగారు పడొద్దు, టిక్ కొట్టండి.

తర్వాత View edits లోకి వెళ్లి, Double Exposure మీద నొక్కి, బ్రష్ గుర్తు ఎంచుకోండి. మళ్లీ మొదటి ఫోటో కనపడుతుంది. బ్రష్ విలువ 100 పెట్టి, మీరు వేలితో రుద్దిన చోట మాత్రమే రెండో ఫోటో వస్తుంది. ఎక్కువైతే 0 పెట్టి రుద్దండి, వెనక్కి పోతుంది. జూమ్ చేస్తే బ్రష్ సన్నగా పనిచేస్తుంది.

ఎక్కడిదాకా రుద్దాలి? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నోరు మాత్రమే మారిస్తే, గడ్డం కింద ఖాళీ పిడికిలి గాల్లో మిగిలిపోతుంది. అందుకే ముక్కు కింద నుంచి మొదలుపెట్టి గడ్డం, మెడ, భుజం, దిగిన చెయ్యి, అన్నీ రుద్దేశాను. అంటే మైక్‌ని మాయం చేయలేదు, కిందికి దింపానంతే. అతుకు బుగ్గ మధ్యలో కాకుండా, ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే ముడత వెంట పెడితే కనపడదు.

పక్క ఫోటో ఎంచుకునేటప్పుడు తల అదే వైపు తిరిగి ఉందా, స్టేజీ లైటు అదే రంగులో ఉందా చూడండి. తల కాస్త వంగినా దవడ గీత కలవదు. కళ్లు సీరియస్‌గా ఉండి నోరు నవ్వుతున్నా చూసినవాళ్లకి ఏదో తేడా కొడుతుంది. ఫోటో లేకపోతే వీడియో నుంచి స్క్రీన్‌షాట్ తీయొచ్చు. ఫోన్ స్టేటస్‌కి సరిపోతుంది గానీ, ఫ్లెక్సీ సైజులో నోరు ఒక్కటే మసకగా తేలిపోతుంది.

పక్క ఫోటో, వీడియో రెండూ లేవా? అప్పుడు మైక్‌ని అలాగే ఉంచేయండి. మాట్లాడే మనిషి చేతిలో మైక్ ఉండటం తప్పు కాదు, కానీ ఆ మనిషికి వేరేవాళ్ల నోరు పెట్టడం తప్పు. వార్తకి వాడే ఫోటో అయితే ఇలా కలపనే కూడదు.

కలిపిన ఫోటోని మేడంకే ముందు చూపించాను, రెండు ఫోటోలు కలిపానని చెప్పాను. ఆవిడ జూమ్ చేసి పుట్టుమచ్చ చూసుకుని, "ఆ, ఇది నేనే" అన్నారు. ఫ్లెక్సీలో అదే ఎక్కింది. ఈసారి ఫంక్షన్‌లో మాట్లాడేవాళ్లు కాస్త ఆగి మైక్ దింపిన ప్రతిసారీ ఒక క్లిక్ కొట్టి పెట్టుకోండి.